ముందస్తు ధన్యవాదాలు చెప్పి రూమ్ పోగొట్టుకోబోయాం

 

ఇది కొంచెం పొడుగు పోస్టు. చాయ్ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఈ మధ్య మనవాళ్లలో ఒక మాట బాగా నడుస్తోంది. "మెసేజ్‌దేముంది, ఫోన్లో మెషిన్ రాసిస్తది. కాపీ కొట్టి పంపుడే. మనకన్నా మంచిగనే రాస్తది." కొత్తగా హైదరాబాద్ వచ్చిన జూనియర్లకు ఈ సలహా ఇస్తున్నది సీనియర్లే. ఓనర్‌కు రాయాలన్నా, గైడ్ సార్‌కు రాయాలన్నా, జార్ఖండ్ దోస్తుకు హిందీలో రాయాలన్నా ఇదే మందు. మేము దీనికి అడ్డం తిరుగుతున్నాం. మెషిన్ వాడొద్దని అనట్లేదు. మేమూ వాడతాం, రేపూ వాడతాం. కానీ అది రాసిన నాలుగు లైన్లు అవతలి మనిషి చెవికి ఎట్లా వినిపిస్తాయో చూసుకోకుండా పంపడం తప్పు. ఆ తప్పుకు మూల్యం కట్టేది మెషిన్ కాదు, మనం.

మా సంగతే చెప్తాం. పీర్జాదిగూడలో ఒక రూమ్‌లో ఐదుగురం ఉంటాం. ఇద్దరు కోయ, ఇద్దరు లంబాడా, ఒక గోండు. ఏటూరునాగారం, ములుగు దిక్కు నుంచి బస్సెక్కితే వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ కంటే ముందే మా స్టాపు వస్తది. అందుకే ఊరి నుంచి బియ్యం మూట తెచ్చుకునేటోళ్లకు ఈ ఏరియా సులువు. ఓనర్ ఆంటీ రిటైర్డ్ టీచర్. మొదట కింద పోర్షన్‌లోనే ఉండేది, తర్వాత బిడ్డ దగ్గరికని నాచారం మారింది. అప్పటి నుంచి మాటలన్నీ ఫోన్లోనే. మూడేళ్లలో ఆమెతో మాకు ఒక్క గొడవ లేదు.

ఒక నెల స్కాలర్‌షిప్ పడలేదు. ఇద్దరికి పార్ట్ టైమ్ పని కూడా పోయింది. కిరాయి సగమే చేతిలో ఉంది. ఆంటీకి చెప్పాలి. మాలో ఒకడు, చదువులో అందరికంటే ముందుండేవాడే, ఫోన్లో మెషిన్‌తో ఇట్లా రాయించి పంపాడు:

"ప్రియమైన ఆంటీ గారికి, ఈ సందేశం మిమ్మల్ని క్షేమంగా చేరుతుందని ఆశిస్తున్నాము. మా స్కాలర్‌షిప్ జాప్యం కారణంగా ఈ నెల అద్దె చెల్లింపు ఆలస్యమవుతుందని తెలియజేయడానికి చింతిస్తున్నాము. దయచేసి మా పరిస్థితిని అర్థం చేసుకుని గడువును పొడిగించగలరు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఏవైనా సందేహాలు ఉంటే సంకోచించకుండా మమ్మల్ని సంప్రదించండి. మీ సహకారానికి ముందస్తు ధన్యవాదాలు."

ఒక్క అక్షరం తప్పు లేదు. మేమెవరం రాసినా ఇంత శుభ్రంగా రాయలేం. పది నిమిషాల్లో ఆంటీ ఫోన్ వచ్చింది. "ఏం బాబూ, నాకు నోటీసు పంపిండ్రా? కిరాయి ఇయ్యాల్సింది మీరా, నేనా? వచ్చే నెల రూమ్ ఖాళీ చేసుకోండి."

మాకు అర్థం కాలేదు. ఇంత మర్యాదగా రాస్తే కోపమెందుకు? ఆ రాత్రి కూర్చుని ఒక్కో లైను తీసి చూశాం. చూస్తే ఆంటీ కోపంలో తప్పు లేదనిపించింది.

"ప్రియమైన" అనే మాట ముందు చూడండి. ఇంగ్లిష్‌లో డియర్ అని రాస్తే దానికి పెద్దగా అర్థం ఉండదు, బ్యాంకు మేనేజర్‌కైనా రాస్తారు. మన దగ్గర ఎవరన్నా ఓనర్ ఆంటీ ముందు నిలబడి "ప్రియమైన ఆంటీ" అంటారా? అంటే ఇంట్లోవాళ్లు కర్ర పట్టుకుని వస్తారు. తెలుగులో ఆ మాట ప్రేమలేఖల్లోది, ఓట్లు అడిగే ఫ్లెక్సీల్లోది. ఐదుగురు మగపిల్లలు ఒక పెద్దామెకు ఆ మాటతో మొదలుపెట్టాం. తర్వాత "సందేశం మిమ్మల్ని క్షేమంగా చేరుతుంది" అట. క్షేమంగా ఉండాల్సింది ఆమెనా, మెసేజా? ఇంగ్లిష్‌లో వాడి వాడి అరిగిపోయిన మాటను తెలుగులోకి ఈడ్చుకొస్తే మధ్యలో చెయ్యి విరిగింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఈ మాట అందరం విన్నాం. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు రెండు గంటలు లేటయితే మైకులో వస్తది. ఆ గొంతుకు నిజంగా చింత ఉందని ప్లాట్‌ఫారమ్ మీద ఒక్కరైనా అనుకుంటారా? ఎవరూ అనుకోరు. ఆ మాట అర్థం ఏందంటే, "లేటయింది, మేం చేసేదేం లేదు, కూర్చో." ఆంటీ చెవికి అదే వినిపించింది.

"గడువును పొడిగించగలరు." ఇక్కడ మేము చాలాసేపు ఆగాం, ఎందుకంటే ఇది చూడ్డానికి మర్యాదగానే ఉంది. దయచేసి ఉంది, గలరు ఉంది. కానీ ఈ "గలరు" ఎక్కడ వాడతారు? "చెప్పులు బయట విడువగలరు." "బకాయి వెంటనే చెల్లించగలరు." ఇది ఆఫీసు గోడ మీది భాష, సర్క్యులర్ భాష. పై నుంచి కిందికి వచ్చే ఆజ్ఞకు తొడిగిన చొక్కా అది. "పొడిగించగలరా" అని ప్రశ్నగా ఉంటే వేరే సంగతి. అవతలి మనిషికి కాదనే దారి ఉంటది. చివరి "రు"కూ "రా"కూ మధ్య మా రూమ్ ఊగింది.

అన్నిటికంటే మండించింది చివరి రెండు లైన్లు. "సంకోచించకుండా మమ్మల్ని సంప్రదించండి" అని ఎవరంటారు? చేతిలో అధికారం ఉన్నవాళ్లు, సేవ చేసేవాళ్లు. కంపెనీ కస్టమర్‌తో అంటది. బాకీ ఉన్నవాడు బాకీ ఇచ్చినామెతో "నీకేమన్నా అనుమానాలుంటే మొహమాటపడకుండా నన్ను అడుగు" అంటే ఎట్లుంటది? పైకీ కిందికీ తిరగబడింది. ఇక "ముందస్తు ధన్యవాదాలు." ఆమె ఇంకా సరే అనలేదు. అనకముందే అన్నట్టు లెక్కకట్టి థ్యాంక్స్ చెప్పేశాం. ఇంక ఆమె కాదంటే చెడ్డది అవుతుంది. ఆంటీ తర్వాత మాతో అన్న మాట ఇదే: "నన్ను ఒప్పించలేదు, ఇరికించిండ్రు."

ఇంకో సంగతి. మొత్తం మెసేజ్‌లో ఉండాల్సినవి రెండే రెండు: ఎంత ఇస్తాం, ఏ తారీఖున ఇస్తాం. ఆ రెండూ లేవు. మావాడు చెప్పలేదు, మెషిన్ అడగలేదు, ఆ ఖాళీని మర్యాద మాటలతో నింపింది. బాకీ విషయంలో మర్యాద అంటే తారీఖు చెప్పడం. మా తండాలో షావుకారు దగ్గరికి పోయి "చింతిస్తున్నాము" అంటే నవ్వుతాడు. "దీపావళి దాటనియ్యను" అంటే వింటాడు.

మెషిన్ ఎందుకట్లా రాస్తది? దానికి కులగర్వం ఉందని కాదు, మన మీద పగ ఉందని కాదు. అది ముందున్న రాతల్ని చూసి నేర్చుకుంటది. నెట్‌లో తెలుగు రాత అంటే ఏముంది? వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు, బ్యాంకు మెసేజ్‌లు, ఇంగ్లిష్ నుంచి తర్జుమా చేసిన కంపెనీ పేజీలు. కిరాయిదారు ఓనర్ ఆంటీతో గేటు దగ్గర నిలబడి మాట్లాడే తెలుగు ఎవరూ రాసి పెట్టలేదు. అది గాలిలోనే ఉంది, గాలిలోనే పోతది. కాబట్టి "మర్యాదగా రాయి" అంటే దానికి తెలిసిన మర్యాద ఆఫీసు మర్యాదే. ఇంకా మర్యాద కావాలంటే ఇంకో "దయచేసి" అతికిస్తది.

కానీ తెలుగులో మర్యాద "దయచేసి"లో లేదు. మీ చుట్టూ ఉన్న తెలుగువాళ్లు ఒక రోజంతా మాట్లాడేది వినండి. "దయచేసి" ఎన్నిసార్లు వస్తది? దాదాపు రాదు. మర్యాద వేరే చోట్ల ఉంటది. వరస పెట్టి పిలవడంలో ఉంటది: ఆంటీ, అక్కా, పెద్దమ్మా, సార్. "ఇవ్వండి" లోని "అండి"లో ఉంటది. "కొంచెం", "ఒకసారి", "వీలైతే" లాంటి చిన్న మాటల్లో ఉంటది. "చూస్తారా" అని ప్రశ్నగా అడగడంలో ఉంటది. ముందు బాగోగులు అడిగి, తర్వాత పని చెప్పడంలో ఉంటది. వీటిలో ఏదీ బరువైన మాట కాదు. మెషిన్ బరువు మాటలు పెడతది, ఈ తేలిక మాటలు మర్చిపోతది. చెక్ చేసేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

"భాష ఒకటే కదా, ఆంటీదీ తెలుగే, మీదీ తెలుగే, దీన్ని వేరే సంస్కృతి అంటారేంది" అని ఒక అన్న అడిగాడు. అన్నా, మా ఐదుగురిలో ఎవరికీ తెలుగు ఇంటి భాష కాదు. ఒకరికి గోర్ బోలి, ఒకరికి కోయ, ఒకరికి గోండి. తెలుగు మనకు బడిలో వచ్చింది, పుస్తకంలోంచి వచ్చింది. అందుకే మెషిన్ రాసిన పుస్తకం తెలుగు మనకు తప్పుగా అనిపించదు. అదే అసలైన తెలుగు అనిపిస్తది. ఆంటీ మనవరాలు ఆ మెసేజ్ చూస్తే "ఇదేంటిది, రోబో రాసినట్టుంది" అని వెంటనే అంటది. మనం అనలేం. మన చెవి తక్కువది కాదు, ఆ ఇంట్లో పెరగలేదు, అంతే.

ఇంకొంచెం లోపలికి పోదాం, ఎందుకంటే నొప్పి ఉన్నది ఇక్కడ. మన పెద్దలు కలెక్టర్‌నైనా "నువ్వు" అనే అంటారు. "నువ్వెప్పుడొస్తవ్ సారూ మా ఊరికి?" అంటారు. అందులో అగౌరవం లేదు. కానీ బడిలో మనం "నువ్వు" అన్నప్పుడు దెబ్బ పడింది. హాస్టల్లో "వీళ్లకు మర్యాద తెల్వది" అన్నారు. ఇంట్లో నీళ్లిచ్చినందుకు థ్యాంక్స్ చెప్పడం మనకు లేదు. అన్నం పెట్టిన అక్కకు ధన్యవాదాలు చెప్తే ఆమె "నేనేమన్నా పరాయిదాన్నా" అని బాధపడతది. అట్లాంటి మనం పట్నం వచ్చి, నోరు తెరిస్తే తప్పు దొర్లుతదేమోనని భయపడి భయపడి, చివరికి మెషిన్ వెనక దాక్కుంటున్నాం. మావాడు ఆ మెసేజ్ సొంతంగా రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. "నేను రాస్తే మోటుగా ఉంటదని భయమైంది" అన్నాడు. మా ఐదుగురిలో అందరికంటే మంచిగా మాట్లాడేవాడు వాడు.

కాబట్టి "మెషిన్ మనకన్నా మంచిగ రాస్తది" అనే సీనియర్లకు మా జవాబు ఇది. అది తప్పుల్లేకుండా రాస్తది. మంచిగ రాయడం వేరు. మీరు ఆ మాట అన్నప్పుడల్లా, మన నోటి మాట తక్కువది అని బడిలో పంతులు చెప్పిన పాఠాన్నే మళ్లీ చెప్తున్నారు. అట్లాగని "మన తీరు మనది, అందరికీ నువ్వు అనే రాస్తాం" అనే తమ్ముళ్లతోనూ మేము ఏకీభవించం. మన ఊళ్లో మన తీరు. అవతలి మనిషి దగ్గర పని ఉన్నప్పుడు ఆ మనిషి చెవితో వినాలి. మన ఊరికొచ్చేవాళ్లు మన పద్ధతి తెలుసుకుని రావాలని అడుగుతాం కదా, అదే న్యాయం ఇటు పక్క కూడా.

ఇప్పుడు మేము ఎట్లా చెక్ చేస్తున్నామో చెప్తాం.

మొదటగా మేము పడ్డ గుంత చెప్పాలి. మావాడు పంపే ముందు చెక్ చేశాడు. ఆ తెలుగు మెసేజ్‌ను తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి చూశాడు. అద్భుతంగా ఉంది. ఉంటది మరి, అది పుట్టిందే ఇంగ్లిష్ తీరులో. ఇట్లా తిప్పి చూడడం వల్ల అర్థం మారిందా లేదా తెలుస్తది, తారీఖులు, అంకెలు సరిగ్గా ఉన్నాయా తెలుస్తది. స్వరం మాత్రం తెలియదు. నువ్వు, మీరు, తమరు మూడూ ఇంగ్లిష్‌లో "యూ" అయిపోతాయి. "రండి", "రా", "విచ్చేయగలరు" మూడూ "కమ్" అయిపోతాయి. తప్పు ఉన్న చోటే ఆ అద్దం గుడ్డిది. దాన్ని నమ్మి పంపొద్దు.

ఇప్పుడు మేము చేసేది, మెసేజ్‌ను గట్టిగా చదవడం. ఒకరు ఫోన్ పట్టుకుని చదువుతారు, ఇంకొకరు ఎదురుగా అవతలి మనిషిలా కూర్చుంటారు. ప్రతి లైనుకూ ఒకటే ప్రశ్న: ఈ మాట ఇంతకుముందు ఎవరి నోట విన్నాం? రైల్వే మైకులోనా, బ్యాంకు మెసేజ్‌లోనా, పెళ్లి కార్డులోనా, లీడర్ ఫ్లెక్సీలోనా? ఆ జాగా మనది కాకపోతే ఆ లైను కొట్టేస్తాం. ఆంటీ మెసేజ్‌ను ఇట్లా చదివితే ఆరు వాక్యాల్లో ఒక్కటి మిగిలింది, స్కాలర్‌షిప్ సంగతి. అది కూడా "జాప్యం కారణంగా" తీసేసి "ఇంకా పడలేదు" అని మార్చాం.

తర్వాత, మనం అనని మాట ఏమన్నా మెషిన్ కలిపిందా చూస్తాం. ఇది స్వరం కంటే ప్రమాదం. ఒక చెల్లె తన ప్రాజెక్టు గైడ్‌కు రిపోర్టు లేటవుతుందని రాయించుకుంది. "శుక్రవారం లోపు తప్పకుండా సమర్పిస్తానని హామీ ఇస్తున్నాను" అని వచ్చింది. శుక్రవారం అని ఆమె ఎక్కడా చెప్పలేదు. వినయంగా ఉందని చూసి పంపింది, శుక్రవారం పొద్దున గైడ్ ఫోన్ చేశాడు.

ఆఖరుకు, ఆ సంస్కృతిలో పెరిగిన మనిషి ఒకరికి చూపిస్తాం. కానీ "బాగుందా" అని అడగం. బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు. "ఇది ఎవరు పంపారనుకుంటున్నావు? వాళ్లకు ఏం కావాలి?" అని అడుగుతాం. మా పాత మెసేజ్‌ను కింద కిరాణా కొట్టు అక్కకు పేర్లు తీసేసి చూపించాం. "ఏదో ఆఫీసోళ్లు పంపినట్టుంది, పైసలు అడుగుతున్నరా?" అంది. పైసలు ఇయ్యాల్సినోళ్లు పంపింది ఆమెకు పైసలు వసూలు చేసేటోళ్లు పంపినట్టు కనిపించింది. ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

హిందీ దగ్గర ఇంకో మూలన గుంత ఉంది, మన ఆడపిల్లలు మరీ జాగ్రత్త. తెలుగులో "నేను వస్తాను" అంటే రాసింది ఆడో మగో తెలియదు. హిందీలో తెలుస్తది: మగవాడు "ఆవూంగా" అంటాడు, ఆడపిల్ల "ఆవూంగీ" అంటది. తెలుగు నుంచి మెషిన్ మార్చేటప్పుడు దానికి తెలిసే దారి లేదు, కాబట్టి చాలాసార్లు మగవాడిగానే రాస్తది. మన చెల్లె ఒకతి రాంచీలో ఒక సదస్సుకు పోతూ, అక్కడ వసతి చూసే పెద్దామెకు ఇట్లాగే రాసి పంపింది. మెసేజ్ నిండా "ఆవూంగా, రహూంగా". ఆ పెద్దామె జవాబు: అబ్బాయిలకు వేరే చోట ఏర్పాటు, ఫలానా నంబర్‌కు మాట్లాడండి. అర్ధరాత్రి స్టేషన్‌లో దిగాక ఈ సంగతి బయటపడి ఉంటే? అదృష్టం, ముందే బయటపడింది. ఇంకోటి, హిందీలో తూ, తుమ్, ఆప్ మూడు మెట్లు. మన "నువ్వు"ను మెషిన్ ఒకసారి తుమ్ చేస్తది, ఒకసారి ఆప్ చేస్తది, ఒకే మెసేజ్‌లో రెండూ కలిపిన రోజులు కూడా ఉన్నాయి. మొదటి లైనులో ఆప్, మూడో లైనులో తుమ్ అంటే, మధ్యలో కోపం వచ్చిందనుకుంటారు.

మనలో మనకు కూడా ఈ చెక్ కావాలి. మనమంతా ఒకటే అని సభల్లో అంటాం, కానీ కోయ పద్ధతి గోండు పద్ధతి కాదు, లంబాడా పద్ధతి ఇంకోటి. మా రూమ్ గోండు తమ్ముడి తాత పోయాడు. వాళ్లు మెస్రం వాళ్లు. తెలిసిన ఒకరు మెషిన్‌తో రాయించి పంపారు: "మీ నష్టానికి మమ్మల్ని క్షమించండి. వారి ఆత్మకు స్వర్గప్రాప్తి కలగాలని, పుణ్యలోకాలు చేరాలని ప్రార్థిస్తున్నాము." మొదటి లైను చూడండి. ఇంగ్లిష్‌లో సారీ అంటే బాధా అవుతుంది, క్షమాపణా అవుతుంది. ఇక్కడ క్షమాపణ అయింది, ఆయన చావుకు పంపినవాడే కారణం అన్నట్టు. ఇక స్వర్గం, పుణ్యలోకం అనేవి వాళ్ల మాటలు కావు. మెస్రం వాళ్లు పోయినవాళ్ల కోసం కేస్లాపూర్‌లో నాగోబా జాతర ముందు తూమ్ పూజ చేస్తారు. పోయినవాళ్లు వాళ్ల పెద్దల్లో కలుస్తారు. తమ్ముడు ఏమనలేదు. ఫోన్ పక్కన పెట్టి, "వీళ్లకు మా తాత ఎటు పోయిండో కూడా తెల్వది" అన్నాడు. అక్కడ రాయాల్సింది ఒకటే లైను: "తాత సంగతి ఇప్పుడే తెలిసింది తమ్మీ. రేపు వస్తున్నాం." రాలేకపోతే ఫోన్ చేయాలి. చావు దగ్గర పొడుగు మెసేజ్ మన దగ్గర ఎవరి పద్ధతీ కాదు.

"మన భాషల్లోనే మెషిన్ వస్తోంది కదా, ఇంక ఈ బాధ ఉండదు" అని కొందరు అంటున్నారు. వస్తోంది, మంచిదే. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అని ఒకటి మొదలుపెట్టింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి చేసిన ఆ పనిలో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలతో మొదలైంది. మొదలైన ఆ భాషల్లో కోయ లేదు, గోర్ బోలి లేదు. గోండి ఉంది కదా అంటే, ఛత్తీస్‌గఢ్ గోండి, ఉట్నూర్ గోండి ఒకటి కాదని మన గోండు తమ్ముళ్లు చెప్తారు. పైగా మాటను మాటలోకి మార్చడం ఒక పని. మేనమామతో ఎట్లా మాట్లాడాలి, వియ్యంకుడితో ఎట్లా మాట్లాడాలి, పటేల్‌తో ఎట్లా మాట్లాడాలి అనేది ఇంకో పని. రెండోది ఆ వరసల మధ్య బతికిన మనిషి చూడాల్సిందే.

"ఒక్క మెసేజ్‌కు ఇంత తతంగమా, టైమ్ ఎక్కడుంది" అంటారా? మాకు పట్టేది ఐదు నిమిషాలు. అన్ని మెసేజ్‌లకూ చేయం కూడా. క్రికెట్ ఎన్నింటికి అని దోస్తును అడిగేదానికి ఎవరు చేస్తారు? అడగడం ఉన్న చోట, కాదనడం ఉన్న చోట, చావు పుట్టుక ఉన్న చోట చేస్తాం. మరి రూమ్ పోతే? ఈ ఏరియాలో టు లెట్ బోర్డు చూసి గేటు కొట్టినవాళ్లకు తెలుసు, "ఎంతమంది" కంటే ముందు వచ్చే ప్రశ్న "మీరు ఏమిట్లు?" జవాబు విన్నాక "నిన్ననే ఎవరికో మాట ఇచ్చినం" అంటారు. బోర్డు మాత్రం నెల తర్వాత కూడా అట్లాగే వేలాడుతుంటది. మూడేళ్ల కింద ఆ ప్రశ్న అడగకుండా తాళం చెయ్యి ఇచ్చిన మనిషి మా ఆంటీ. ఆమెకే మేము నోటీసు పంపాం.

రెండో మెసేజ్ మేమే రాశాం. మెషిన్‌తో అక్షర దోషాలు మాత్రం దిద్దించాం. "బకాయి" అని రాస్తే "బకాయిలు" చేసింది, మళ్లీ మార్చుకున్నాం. కిరాణా కొట్టు అక్కకు చూపిస్తే "పిల్లలు ఆంటీకి పెట్టింది, పైసలు లేవంటున్నరు" అంది. అప్పుడు పంపాం:

"ఆంటీ, నమస్తే. పీర్జాదిగూడ రూమ్ పిల్లలం. మొన్న పంపిన మెసేజ్ మేం మాట్లాడినట్టు లేదు, తప్పు మాదే. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు ఆంటీ. సగం కిరాయి ఇప్పుడే వేస్తున్నాం. మిగతా సగం 20వ తారీఖు దాటనియ్యం. ఆదివారం మీరు ఇంట్లో ఉంటే ఒకసారి వచ్చి కలుస్తాం, రమ్మంటారా?"

గంట సేపు రెండు నీలి టిక్కులు తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. "ఆదివారం రండి. పొద్దున రండి, మధ్యాహ్నం మేం బయటికి పోవాలె. ఇంకోటి, ఆ నల్లా లీకు అయితుందని పక్కింటోళ్లు చెప్పిండ్రు, అది నాకెందుకు చెప్పలే?"

ఆదివారం ఉప్పల్ మీదుగా నాచారం పోయాం. ఊరి నుంచి వచ్చిన ఇప్పపువ్వు లడ్డూలు కొన్ని పట్టుకుపోయాం. మిగతా సగం 18వ తారీఖే ఇచ్చేశాం. నల్లా ఇంకా లీకవుతూనే ఉంది.